బుజ్జికి, గిన్నె అడుగున మిగిలే నూనె గురించి

హైదరాబాద్,
ఆదివారం రాత్రి.

బుజ్జీ, బిడ్డా,

నిన్న నీతో ఫోన్‌లో మాట్లాడిన తర్వాత ఎంతసేపటికీ నిద్ర పట్టలేదు. పిల్లోడు ఆసుపత్రి నుంచి మరిపెడకు వచ్చి వారమైందని, రోజుకు పదిహేనుసార్లు వచ్చే ఫిట్స్ ఇప్పుడు తొమ్మిదికి దిగాయని చెప్పావు. ఆ మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే, "పెద్దమ్మా, కీటోన్ల పట్టీ మూడు రోజులుగా లేత గులాబీ రంగే చూపిస్తోంది. రెండు చెంచాల నెయ్యి ఎక్కువ వేయనా?" అన్నావు. వద్దు అని గట్టిగా అరిచాను. నువ్వు గమ్మున అయిపోయావు. అరిచినందుకు ఏమనుకోకు తల్లీ. ఎందుకు వద్దన్నానో ఫోన్‌లో చెప్పే ఓపిక నాకు లేకపోయింది. అందుకే కాగితం తీశాను.

పాతికేళ్లు వార్డులో డైటీషియన్‌గా ఉన్నాను కదా, ఈ కీటోజెనిక్ భోజనం మీద నేను చేసిన తప్పులు కూడా నాకు బాగానే గుర్తున్నాయి. అవే నువ్వు చేయకూడదని ఈ ఉత్తరం.

ముందు మీ అత్తమ్మ అడిగిన మాటకు జవాబు చెప్తాను. "నెయ్యి తింటే ఫిట్స్ తగ్గడమేంది?" అని ఆమె అనడంలో తప్పేమీ లేదు, నేనూ మొదట్లో అలాగే అన్నాను. ఉపవాసం ఉంటే మూర్ఛ తగ్గుతుందని పాతకాలం నుంచీ మనుషులు గమనించారు. కానీ పిల్లల్ని ఎన్నాళ్లు పస్తు పెడతాం? 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్ రస్సెల్ వైల్డర్ ఒక ఉపాయం ఆలోచించారు. పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచితే, పిల్లవాడు కడుపునిండా తింటున్నా ఒళ్లు మాత్రం పస్తున్నట్టే పనిచేస్తుంది. అన్నం దొరక్క కాలేయం కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది, మెదడు వాటితో నడుస్తుంది. మన దేశంలోనూ పరీక్షించి చూశారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో మందులకు లొంగని మూర్ఛ ఉన్న 102 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. వాళ్లు వాడింది మీ వాడి భోజనానికి కొంచెం సడలింపు ఉన్న రకం, మాడిఫైడ్ అట్కిన్స్ అంటారు. మూడు నెలల తర్వాత చూస్తే ఆ తిండి తిన్నవాళ్లలో 52 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. మందులు మాత్రమే వాడినవాళ్లలో అలా తగ్గింది 11.5 శాతం మందికే. ఈ లెక్క మీ అత్తమ్మకు చదివి వినిపించు. తగ్గనివాళ్లు దాదాపు సగం మంది ఉన్నారని కూడా చెప్పు, దాచకు. మూడు నెలలు సరిగ్గా పెట్టి చూద్దాం, పనిచేయకపోతే డాక్టర్లే మెల్లగా ఆపేస్తారు. ఆ మూడు నెలలూ తిండి సరిగ్గా పడితేనే పనిచేసిందో లేదో తెలిసేది.

ఇక నెయ్యి సంగతి. ఆసుపత్రిలో నీకు 3:1 అని రాసిచ్చారు. అంటే పళ్లెంలో మూడు గ్రాముల కొవ్వు ఉంటే, ప్రొటీన్, పిండిపదార్థం రెండూ కలిపి ఒక్క గ్రాము. ఇది బరువుల లెక్క, కేలరీల లెక్క కాదు. మూడు గ్రాముల కొవ్వు 27 కేలరీలు, ఆ ఒక్క గ్రాము 4 కేలరీలు, మొత్తం 31. దీన్ని మేము ఒక యూనిట్ అంటాం. మీ వాడు 14 కిలోలు, రోజుకు వెయ్యి కేలరీల దగ్గర పెట్టమన్నారు. వెయ్యిని 31తో భాగిస్తే 32 యూనిట్లు. కాబట్టి రోజుకు కొవ్వు 96 గ్రాములు, మిగతావి రెండూ కలిపి 32 గ్రాములు. ఎదిగే పిల్లాడికి ప్రొటీన్ కిలోకు ఒక గ్రాము పైన పడాలి కాబట్టి ఆ 32లో 16 దానికి తీసిపెట్టారు. మిగిలిన 16 పిండిపదార్థం. నాలుగు పూటలకు పంచితే పూటకు కొవ్వు 24, ప్రొటీన్ 4, పిండిపదార్థం 4 గ్రాములు. నీ దగ్గరున్న కాగితం మీది అంకెలు ఇలా పుట్టినవే.

ఆ నాలుగు గ్రాముల పిండిపదార్థం ఎంతో తెలుసా? ఒక పెద్ద చెంచాడు అన్నం. అంతే. అందుకే అన్నం పెట్టొద్దన్నది, అన్నం మీద పగ ఉండి కాదు. అదే నాలుగు గ్రాములకు క్యాబేజీ, ఉల్లిగడ్డ పెడితే చిన్న గిన్నె నిండుతుంది, పిల్లాడి కళ్లకు తిన్నట్టు ఉంటుంది. గుడ్డు పొరుటు లెక్క ఒకటి ఇక్కడే వేసి చూపిస్తాను, పక్కన కాంటా పెట్టుకుని చదువు.

గుడ్డు కొట్టి బాగా గిలకొట్టి, అందులోంచి 21 గ్రాములు తూచి తీసుకో. సగానికి కొంచెం తక్కువ వస్తుంది, మిగిలింది నువ్వే వేసుకుని తిను, ఈ మధ్య మనిషివి సగమయ్యావు. ఆ 21 గ్రాముల్లో ప్రొటీన్ 2.8, కొవ్వు 2.2 గ్రాములు. తరిగిన పచ్చి క్యాబేజీ 70 గ్రాములు: ప్రొటీన్ ఒకటి, పిండిపదార్థం 2.3. ఉల్లిగడ్డ 18 గ్రాములు: ప్రొటీన్ పావు గ్రాము, పిండిపదార్థం 1.7. కూడితే ప్రొటీన్ నాలుగు, పిండిపదార్థం నాలుగు. కొవ్వు మాత్రం గుడ్డు నుంచి వచ్చింది 2.2 గ్రాములే, ఇంకా 22 గ్రాములు కావాలి. అది 12 గ్రాముల పల్లీనూనె, 10 గ్రాముల నెయ్యి. అన్నీ కలిపితే 24కు 8, మూడుకు ఒకటి. ఈ విలువలు మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల పుస్తకాన్ని పట్టుకుని వేసుకునేవి. అందులోవి పచ్చి కూరగాయల విలువలు. కాబట్టి తూచడం ఎప్పుడూ వండకముందే. వండిన క్యాబేజీ నీళ్లు కోల్పోయి బరువు తగ్గుతుంది, అప్పుడు 70 గ్రాములు తూస్తే పిల్లాడి పళ్లెంలో లెక్కకంటే ఎక్కువ పడుతుంది.

నూనెను కూడా తూచాలి బిడ్డా, కొలవకూడదు. నీ మందుగ్లాసులో 22 గీత దాకా పోస్తే అది 22 మిల్లీలీటర్లు, బరువులో 20 గ్రాములే. నూనె నీళ్లకంటే తేలిక కదా. పూటకు రెండు గ్రాములు తక్కువ పడితే 3:1 కాస్తా 2.75 దగ్గరికి వస్తుంది. నువ్వు తూస్తున్నావనే నమ్ముతున్నాను, అయినా అడుగుతున్నాను. తూస్తున్నావు కదూ?

ఇప్పుడు నా మొదటి తప్పు చెప్తాను. చాలా ఏళ్ల కిందటి మాట. ఆరేళ్ల పాప. వార్డులో ఉన్నన్నాళ్లూ కీటోన్లు బ్రహ్మాండంగా వచ్చాయి, ఇంటికి వెళ్లాక పడిపోయాయి. వాళ్లమ్మ ఫోన్ చేసి నీలాగే అడిగింది. నేను ఏమీ విచారించలేదు. డాక్టరు గారితో మాట్లాడి 3:1ని 4:1 చేయించాను. నిష్పత్తి పెంచడమంటే నెయ్యి పెంచడమేనని అందరూ అనుకుంటారు, నువ్వూ అలాగే అనుకున్నావు. మీ వాడి అంకెలతోనే చూడు. 4:1 అయితే ఒక యూనిట్ 40 కేలరీలు, వెయ్యి కేలరీలకు 25 యూనిట్లు. కొవ్వు 96 నుంచి 100కు వెళ్తుంది, నాలుగు గ్రాములే పెరుగుతుంది. ప్రొటీన్ 16 కదపకూడదు. ఇక పిండిపదార్థం 16 నుంచి 9కి పడుతుంది. అంటే పోయేది కూరగాయ. ఆ పాప పళ్లెంలో క్యాబేజీ సగమైంది, నాలుగు రోజులకోసారి కూడా విరేచనం కాక ఏడ్చేది, తినడానికి మొరాయించింది. కీటోన్లు అప్పటికీ అంతంతమాత్రమే.

నెల తర్వాత వాళ్లమ్మ వచ్చినప్పుడు నా ముందే వండించాను. అన్నీ చక్కగా తూచింది, చెయ్యి కూడా వణకలేదు. వండింది, పళ్లెంలో వేసింది, పాప తినేసింది. అప్పుడు మూకుడు లోపలికి చూశాను. అడుగంతా నూనె మెరుస్తోంది, పళ్లెం అంచున ఇంకో పొర. ఖాళీ మూకుడు బరువు ముందే రాసుకున్నాం కనుక మళ్లీ తూచి చూస్తే ఏడు గ్రాములు తేడా. ఒక్క పూటకు ఏడు గ్రాములు! అంత శ్రద్ధగా తూచిన కొవ్వులో మూడో వంతుకు దగ్గరగా కడుగునీళ్లలో పోతోంది. ఆ పాపకు 4:1 అక్కర్లేదు, ఆ అమ్మ చేతికి ఒక రబ్బరు గరిటె కావాలి. నెల రోజులు పాపను ఊరికే బాధపెట్టింది నేను.

మీ వాడి పొరుటులో కూడా ఆరు గ్రాములు మూకుడుకు అంటుకుపోయాయనుకో, 24 కాస్తా 18 అవుతుంది, ఎనిమిదితో భాగిస్తే నువ్వు పెట్టేది 2.25కు ఒకటి. కాగితం మీద మాత్రం 3:1 అనే ఉంటుంది.

అందుకే రేపటి నుంచి మూడు రోజులు ఈ పని చెయ్యి. మీ ఇంట్లో ఉన్న పెద్ద ఇనుప మూకుడు పక్కన పెట్టి, అరచేయంత చిన్న పాన్ తీసుకో. ఖాళీగా ఉన్నప్పుడు దాని బరువు, పళ్లెం బరువు గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టు. 22 గ్రాముల్లో వండడానికి ఏడెనిమిది గ్రాములే వాడు, మిగిలింది దించాక గోరువెచ్చగా ఉన్నప్పుడు కలుపు, గుడ్డూ క్యాబేజీ పీల్చుకుంటాయి. ఒక చిన్న ముక్క క్యాబేజీ చివరికి ఉంచుకుని దానితో పళ్లెం తుడిచి వాడి నోట్లో పెట్టు, ఆటలాగా. తిన్నాక పాన్, పళ్లెం మళ్లీ తూచి తేడా రాయి. రెండు గ్రాముల లోపు వస్తే పర్లేదు. నాలుగైదు వస్తే నీ లేత గులాబీ రంగుకు కారణం దొరికినట్టే, వచ్చేవారం డైటీషియన్‌కు ఆ అంకెలు చూపించు. నిష్పత్తి మార్చాలా వద్దా అన్నది ఆమె, డాక్టరు గారు తేల్చాలి. నువ్వు, నేను కాదు.

గిన్నె శుభ్రంగా ఉండి కూడా రంగు రాకపోతే ఇంకేం చూడాలి? మొట్టమొదట మందులు. దగ్గుమందు, జ్వరం మందు, విటమిన్ టానిక్, ఆఖరికి ఫిట్స్ మందు సిరప్ కూడా. ఒక చెంచాడు తియ్యటి సిరప్‌లో రెండు మూడు గ్రాముల చక్కెర ఉండొచ్చు. రెండు పూటలు వేస్తే నాలుగు నుంచి ఆరు గ్రాములు, రోజంతా వాడికి ఉన్నదే 16. కిరాణం పక్క మెడికల్ షాపులో "పిల్లల మందు" అని అడిగితే సిరప్పే ఇస్తారు, పాపం వాళ్లకేం తెలుసు. చక్కెర లేనిది, లేదా మాత్ర కావాలని గట్టిగా అడుగు. ఇప్పుడు వాడుతున్న ఫిట్స్ మందు సిరప్ అయితే మాత్రం నీ అంతట నువ్వు ఆపకు, ఒక్క పూట కూడా. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మాత్రలోకి మార్చమని డాక్టరును అడుగు.

ఆ తర్వాత ఇంట్లో చేతులు. కోప్పడకుండా విను. మీ అత్తమ్మ వాడికి టీలో ముంచిన బిస్కెట్టు పెట్టిందని నువ్వు నాకు చెప్పలేదు, మీ ఆయన చెప్పాడు. ఆమెను దోషిని చేయకు. మనవడు చెయ్యి చాపితే పెట్టకుండా ఉండగల నాయనమ్మ ఎక్కడుంది? కానీ ఒక్క చిన్న బిస్కెట్టులో నాలుగు గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది, ఒక పూట మొత్తం కోటా. ఆమెకు వద్దని చెప్పడం కంటే ఆమె చేతికి ఒకటి ఇవ్వడం మంచిది. డైటీషియన్‌ను అడిగి రోజు లెక్కలోంచే ఒక చిన్న వాటా పక్కకు తీయించు, నాలుగు పల్లీలో, వెన్నతో చేసిన ముక్కో. అది తూచి ఒక డబ్బీలో పెట్టి "ఇది నాయనమ్మ డబ్బీ" అని ఆమెకే అప్పగించు. పెట్టే చెయ్యి ఆమెదే అవుతుంది, లెక్క నీదే ఉంటుంది. అంగన్‌వాడీ టీచర్‌తో కూడా మాట్లాడు. అక్కడి గుడ్డును వదులుకోనక్కర్లేదు, ఇంటికి తెచ్చుకుని తూచి వాడుకో. అక్కడి అన్నం, పప్పు మాత్రం వద్దు. బతుకమ్మ పండక్కి మలీద ముద్దలు ఇంటింటికీ తిరుగుతాయి, ఆ తొమ్మిది రోజులూ వాడి మీద ఒక కన్ను ఉంచు.

పట్టీల సంగతి కూడా ఒక మాట. పొద్దున పూట కీటోన్లు తక్కువగా, సాయంత్రానికి ఎక్కువగా కనిపించడం మామూలే. నీళ్లు బాగా తాగిన తర్వాత మూత్రం పలచబడి రంగు లేతగా వస్తుంది. అంతమాత్రాన నీళ్లు తగ్గించకు, మన ఎండల్లో అసలు తగ్గించకు. రోజూ ఒకే రెండు వేళలు పెట్టుకుని చూడు. పట్టీ ముంచాక డబ్బా మీద రాసినన్ని సెకన్లకే రంగు పోల్చాలి, బట్టలు ఆరేసి వచ్చి చూస్తే ముదిరిపోయి ఉంటుంది. డబ్బా మూత వెంటనే బిగించు, వానాకాలం చెమ్మకు పట్టీలు పాడైపోతాయి. మాకు కావలసింది బాగా ముదురు రంగు, డబ్బా మీద 80 నుంచి 160 అని రాసి ఉన్న గళ్లు. అనుమానంగా ఉంటే ఆసుపత్రిలో వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూస్తారు, అది మూత్రం కంటే నమ్మకమైన లెక్క.

ముదురు రంగు చూసి సంబరపడ్డ నా రెండో తప్పు ఇక్కడే చెప్పాలి. దీన్ని రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు. ఒక మూడేళ్ల బాబు. పొద్దున రెండుసార్లు వాంతి చేసుకున్నాడని, పట్టీ మాత్రం ముదురు ఊదా రంగు వచ్చిందని వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. "కీటోన్లు బాగున్నాయి, వాంతులు తగ్గుతాయిలే" అన్నాను. ఇంకేమీ అడగలేదు. సాయంత్రానికి ఆ బాబు మగతగా పడి ఉన్నాడు, ఊపిరి వేగంగా, లోతుగా తీస్తున్నాడు. పరుగున తీసుకొస్తే రక్తంలో బైకార్బనేట్ బాగా పడిపోయి ఉంది. కీటోన్లు ఆమ్లం కదా, తిండీ నీళ్లూ లోపలికి పోక అవి హద్దు దాటి పేరుకున్నాయి. పైగా వాడు వాడుతున్న టోపిరామేట్ మందు కూడా ఆమ్లం పెంచే గుణం ఉన్నదే. రెండు రోజుల్లో కోలుకున్నాడు. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

కాబట్టి మీ వాడికి వాంతులైతే పట్టీ రంగు తర్వాత చూడు, ముందు పిల్లాడిని చూడు. ముఖం ఎర్రబడిందా, ఊపిరి మామూలు కంటే వేగంగా ఉందా, విసుగ్గా ఉన్నాడా, లేపితే సరిగ్గా లేవట్లేదా? ఆసుపత్రిలో నీకిచ్చిన చక్కెర మిషన్‌తో వేలి చుక్క తీసి చూడు. చక్కెర 50 కంటే తక్కువ ఉన్నా, ఈ లక్షణాలు ఉన్నా, వాడు మెలకువగా ఉండి మింగగలిగితే 30 మిల్లీలీటర్ల పండ్లరసం పట్టి, అదే నిమిషం ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరు. "అయ్యో, కీటోన్లు పోతాయే" అనుకోకు, పోతే నాలుగు రోజుల్లో మళ్లీ వస్తాయి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకు, పొరపోతుంది. ఉత్త వాంతులో విరేచనాలో అయితే నీళ్లు గుక్క గుక్కగా పట్టిస్తూ ఫోన్ చెయ్యి. మామూలు ఓఆర్‌ఎస్ లీటరులో 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి అన్నది వాళ్లనే అడుగు. కానీ పిల్లాడు ఎండిపోతూ ఉంటే గ్లూకోజ్ భయంతో ఆపి కూర్చోకు.

వరంగల్‌కో ఖమ్మానికో అత్యవసరంగా తీసుకెళ్లాల్సి వస్తే, అక్కడి డ్యూటీ డాక్టరుకు వీడి తిండి గురించి తెలియాలని లేదు. ఫిట్స్ పిల్లాడు అనగానే డెక్స్ట్రోస్ సెలైన్ ఎక్కించే అలవాటు ఉంటుంది. అందుకని నీ డాక్టరు గారి చేత ఒక కాగితం రాయించుకో. కీటోజెనిక్ డైట్ 3:1 మీద ఉన్నాడు, చక్కెర తక్కువైతే తప్ప డెక్స్ట్రోస్ వద్దు, నార్మల్ సెలైన్ చాలు, చక్కెర, బైకార్బనేట్ చూడండి, ఈ నెంబరుకు ఫోన్ చేయండి అని. ఒకటి నీ పర్సులో, ఒకటి మీ ఆయన బండి డిక్కీలో పెట్టు. ఇంకోటి కూడా. 2024 సెప్టెంబరు వానలు మర్చిపోలేదు కదా? పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు పొంగి రోడ్డు తెగిపోతే మీరు అటూ ఇటూ కదల్లేకపోయారు. పట్టీలు, ఫిట్స్ మందులు, కాల్షియం మాత్రలు, కాంటా బ్యాటరీలు కనీసం పదిహేను రోజులకు సరిపడా ఎప్పుడూ ఇంట్లో ఉండాలి.

కాల్షియం అంటే గుర్తొచ్చింది. ఈ తిండిలో పాలు, పండ్లు, పప్పులు దాదాపు లేవు. అందుకే చక్కెర లేని మల్టీవిటమిన్, కాల్షియం, విటమిన్ డి రాసిచ్చారు. అవి బలం మాత్రలు కావు బుజ్జీ, ఈ భోజనంలో భాగం, అయిపోయాయని వదిలేయకు. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఆ తర్వాత ఆరేసి నెలలకు రక్త పరీక్షలు ఉంటాయి. కొలెస్టరాల్, కాలేయం, మూత్రపిండాలు, బైకార్బనేట్, కాల్షియం చూస్తారు, మూత్రంలో కాల్షియం ఎంత పోతోందో చూస్తారు. "బాగానే ఉన్నాడు కదా, అంత దూరం ఎందుకు" అని మానకండి. కొలెస్టరాల్ పెరిగితే నెయ్యి తగ్గించి నూనె పెంచుతారు, నిష్పత్తి అలాగే ఉంటుంది. మూత్రపిండాల్లో రాళ్లు ముందే కనిపెడితే మందుతో అడ్డుకోవచ్చు. నీ వంతుగా మూత్రం ఎర్రగా వచ్చినా, చెడ్డీలో సన్న ఇసుకలాంటిది కనిపించినా, కడుపునొప్పి అని ముడుచుకున్నా ఫోన్ చెయ్యి.

ఇంకొకటి నువ్వే చూడాల్సింది, బరువు. వారానికోసారి, ఒకే రోజు, పొద్దున్నే, ఒకే కాంటా మీద. నెలకోసారి గోడకు నిలబెట్టి ఎత్తు గీత. వెయ్యి కేలరీలు అన్నది ఈరోజు ఉన్న 14 కిలోల పిల్లాడికి వేసిన లెక్క. రెండు మూడు వారాలు బరువు గబగబా పెరుగుతూ పోతే కేలరీలు ఎక్కువయ్యాయని అర్థం, కీటోన్లు తగ్గడానికి అదీ ఒక కారణమే. నువ్వు అడిగిన ఆ రెండు చెంచాల నెయ్యి తొమ్మిది పది గ్రాములు, 80, 90 కేలరీలు. కాగితం మీద నిష్పత్తి పెరిగినట్టు కనిపిస్తుంది, కానీ ఆ అదనపు కేలరీలతో వాడికి వికారం రావచ్చు, బరువు పెరగవచ్చు, మిగతా పూట తినకపోవచ్చు. అప్పుడు ఏది ఎందుకు జరిగిందో ఎవరికీ అంతుచిక్కదు. బరువు పెరగకుండా ఆగిపోయినా, ఆకలని రాత్రులు లేచినా అది కూడా రాయి. ఎత్తు ఎదుగుదల ఈ తిండి మీద కొంచెం నెమ్మదించే పిల్లలు ఉన్నారు, ఆ గీతలు లేకపోతే మేము కనిపెట్టలేం.

ఫిట్స్ లెక్క నువ్వు నోటితో చెప్తున్నావు, పదిహేను తొమ్మిదైందని. నోటిలెక్క వద్దు తల్లీ. ఒక్క నోట్‌బుక్, రోజుకు ఒక పేజీ. ఎన్నిసార్లు, ఏ వేళ, ఎలాంటివి. ఎదురుగా రెండు పట్టీల రంగు, ఏ పూట ఎంత మిగిల్చాడు, పాన్ బరువు తేడా. మంచిరోజుది కూడా రాయాలి, చెడ్డరోజుది మాత్రమే కాదు. నా దగ్గరికి వచ్చిన అమ్మల్లో బాగా రాసినవాళ్ల పిల్లలకే కారణం త్వరగా దొరికేది.

ఇంత రాశాక, నీ ఒక్కదాని మీద ఎంత మోపుతున్నానో అనిపిస్తోంది. నువ్వు తిన్నావా లేదా అని ఎవరైనా అడుగుతున్నారా? మీ ఆయనకు కాంటా వాడటం నేర్పు. రాత్రి పూట తూకం ఆయన చేస్తే నువ్వు గంటసేపు నడుం వాల్చొచ్చు. మిర్చి కోతలప్పుడు ఆయన కల్లంలోనే ఉంటాడని నాకు తెలుసు, అందుకే ఇప్పుడే నేర్పు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. మరిపెడ బంగ్లా దగ్గర దిగుతాను, మీ ఆయనను స్టాండుకు రమ్మను. ఒక గ్రాము వరకు చూపించే కాంటా నీ దగ్గరుంది కానీ, దాని మీద రెండు రకాల బరువులు వస్తున్నాయన్నావు కదా, నా పాత కాంటా తెస్తాను. నాణేలు పెట్టి రెండింటినీ పోల్చి చూద్దాం. రెండు రబ్బరు గరిటెలు కూడా తెస్తున్నాను. నేను వచ్చే దాకా పాన్ కడగకముందు తూచడం మర్చిపోకు, ఆ మూడు రోజుల అంకెలు క్యాలెండర్ మీద చూడాలి.

వాడి బుగ్గ మీద నా ముద్దు. 

మీ పెద్దమ్మ.